కుక్కర్ మూత కింద 120 డిగ్రీలు

మూతలేని గిన్నెలో కందిపప్పు తెర్లుతున్నప్పుడు మంట పెంచినంత మాత్రాన పప్పు త్వరగా ఉడకదు. నీరు ఇంకా జోరుగా పొంగుతుంది, ఆవిరి ఎక్కువగా పోతుంది, గ్యాస్ ఖర్చవుతుంది. నీటి వేడి మాత్రం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. ఆపైన పొయ్యి ఇచ్చే వేడి అంతా నీటిని ఆవిరిగా మార్చడానికే సరిపోతుంది. ఈ హద్దు ఎక్కడ ఉండాలో తేల్చేది నీటి మీద పడే పీడనం.

నీరు ఏ వేడిలోనైనా కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. తడిబట్ట ఎండలో లేకపోయినా ఆరేది అందుకే. ఆ ఆవిరికీ కొంత పీడనం ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. మరగడం మొదలవ్వాలంటే నీటి లోపలే ఆవిరి బుడగలు పుట్టి నిలవాలి. పైనున్న గాలి నీటిని నొక్కుతూ ఉంటుంది కాబట్టి, లోపలి ఆవిరి పీడనం ఆ నొక్కుడుకు సమానం కానంత వరకు పుట్టిన బుడగ పుట్టినట్టే నలిగిపోతుంది. సముద్రమట్టం దగ్గర ఆ సమానత 100 డిగ్రీల వద్ద వస్తుంది. గాలి పలచబడితే అంతకన్నా తక్కువ వేడికే వస్తుంది, పీడనం పెరిగితే ఎక్కువ వేడి కావాలి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ పైన మిగిలే గాలి తగ్గుతుంది. స్థూలంగా 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు స్థానం దిగుతుందని లెక్క వేసుకోవచ్చు. విశాఖ తీరంలో 100 దగ్గర మరిగే నీరు, సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 98 చిల్లరకే మరుగుతుంది. వంటలో ఈ తేడా ఎవరికీ తెలియదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లద్దాఖ్‌లోని లేహ్ పట్టణంలో అయితే ఎసరు 88 డిగ్రీలకే మరుగుతుంది. ఎవరెస్టు శిఖరం మీద 70 దాటగానే తెర్లుతుంది.

దీనివల్ల వంట ఎలా చెడుతుందో చార్లెస్ డార్విన్ 1835 మార్చిలో స్వయంగా చూశాడు. ఆండీస్ పర్వతాల్లో పోర్టిల్లో కనుమ దాటుతూ రాత్రి ఆగిన చోట బంగాళాదుంపలు నీటిలో వేసి పొయ్యి మీద పెట్టారు. గంటలు గడిచినా అవి గట్టిగానే ఉన్నాయి. రాత్రంతా నిప్పు మీదే ఉంచి, పొద్దున మళ్లీ మరిగించినా ఉడకలేదు. వెంట ఉన్న ఇద్దరు ఆ నేరాన్ని కొత్త కుండ మీదకు నెట్టారు. నీరు కళ్లెదుటే తెర్లుతోంది కనుక లోపం నీటిలో ఉందని వాళ్లకు తోచలేదు. డార్విన్ మాత్రం కారణాన్ని సరిగ్గా పట్టుకుని, డెనీ పాపిన్ పాత్రలో జరిగేదానికి ఇది సరిగ్గా తలకిందులని రాసుకున్నాడు.

పాపిన్ ఫ్రాన్సు దేశస్థుడు. ఎముకలను సైతం మెత్తబరిచే బిగుతు మూత పాత్రను 1679లో లండన్‌లో తయారుచేశాడు. ఆవిరి హద్దు మీరితే దానంతట అదే తెరుచుకునే వాల్వును కూడా అతనే దానికి అమర్చాడు. నేటి కుక్కర్ నెత్తిన ఉండే వెయిట్ పని కూడా అదే. ఇక్కడ లెక్క చాలా సులువు. మన ఇళ్లలోని సాధారణ కుక్కర్‌లో బయటి గాలి కన్నా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున అదనపు పీడనం నిలుస్తుంది. ఆవిరి వచ్చే రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, దాని వైశాల్యం చదరపు సెంటీమీటరులో సుమారు 7 శాతం. అంటే 70 గ్రాముల బరువు చాలు, అంత పీడనాన్ని ఆపుతుంది. అది దాటగానే వెయిట్ లేస్తుంది, ఆవిరి కూతపెట్టి పోతుంది, మళ్లీ వెయిట్ కూర్చుంటుంది. గాలి పీడనం, వెయిట్ పీడనం కలిస్తే మామూలుకు దాదాపు రెట్టింపు. ఆ పీడనంలో నీరు 120 డిగ్రీల దగ్గర గాని మరగదు.

ఇరవై డిగ్రీలు చిన్న తేడాగా కనిపిస్తుంది. కానీ పప్పు మెత్తబడడమంటే గింజలోని కణాలను అంటిపెట్టుకున్న పెక్టిన్ విడిపోవడం, పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బడం. ఇలాంటి మార్పులు పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు వేగంతో సాగుతాయన్నది రసాయనశాస్త్రంలో పాత ఉజ్జాయింపు. ఆ లెక్కన ఇరవై డిగ్రీలకు నాలుగు రెట్లు. గిన్నెలో నలభై నిమిషాలు పట్టే పప్పు కుక్కర్‌లో పది నిమిషాలకు దిగుతుంది.

ఈ 120 రావాలంటే మూత కింద ఉండేది ఆవిరే కావాలి, గాలి ఉండకూడదు. ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టమని కుక్కర్‌తో వచ్చే పుస్తకాల్లో చెప్పేది ఇందుకే. చల్లగా ఉన్నప్పుడే వెయిట్ పెడితే లోపల చిక్కిన గాలి కూడా వేడెక్కి పీడనంలో తన వాటా తీసుకుంటుంది. అప్పుడు నీరు 100 డిగ్రీలకు చేరకముందే తొలి కూత వచ్చేయవచ్చు. తర్వాతి కూతలతో ఆ గాలి బయటికి పోతుంది కాబట్టి వంట ఆగదు, కానీ కూతల లెక్క తప్పుతుంది.

అసలు కూతలతో వంటను కొలవడమే కాస్త గడుసు పద్ధతి. మంట పెద్దదైతే కూతలు దగ్గరదగ్గరగా వస్తాయి, సిమ్‌లో పెడితే ఆలస్యమవుతాయి. ఉడకడానికి కావలసింది 120 దగ్గర గడిచిన సమయం. వెయిట్ ఒకసారి లేచాక పెద్దమంట వేడిని పెంచదు, నీటిని మాత్రం తోడేస్తుంది. నీరు పూర్తిగా ఇంకిపోతే వేడిని ఆపే ఆవిరీ ఉండదు. అడుగు మాడుతుంది, మూతలోని సేఫ్టీ వాల్వ్ లోహం కరిగి తెరుచుకుంటుంది. పప్పు నురుగు, పొట్టు పడి రంధ్రం మూసుకుపోవడం ఇంకా ప్రమాదం. ఆవిరి మొదలవ్వాల్సిన వేళకూ రంధ్రం నుంచి ఏమీ రాకపోతే స్టవ్ ఆపేయాలి. పప్పుకు పాత్రలో సగానికి మించి నింపకూడదన్న నియమం వెనక ఉన్నది ఈ భయమే.

వెయిట్ ఇచ్చే పీడనం ఊరిని బట్టి మారదు. లేహ్‌లోనూ అదే 70 గ్రాములు అదే ఒక కిలో పీడనాన్ని నిలుపుతాయి. దాని కింద ఉండే గాలి పీడనం మాత్రం మూడింట రెండు వంతులే. రెండూ కలిస్తే కుక్కర్ లోపల సుమారు 114 డిగ్రీలు వస్తాయి. అంటే ఎత్తు వల్ల గిన్నె పన్నెండు డిగ్రీలు కోల్పోతే, కుక్కర్ ఆరే కోల్పోతుంది. పాత ఉజ్జాయింపుతోనే చూస్తే, తీరంలో నలభై నిమిషాల పప్పు లేహ్‌లో గిన్నెలో గంటన్నర పడుతుంది, కుక్కర్‌లో పదిహేను నిమిషాలు చాలు. మైదానంలో నాలుగు రెట్లున్న లాభం కొండ మీద ఆరు రెట్లవుతుంది.

స్టవ్ ఆపిన వెంటనే వెయిట్ ఎత్తేస్తే ఇదే సూత్రం ఎదురు తిరుగుతుంది. పీడనం ఒక్కసారిగా పడిపోగానే 120 డిగ్రీల నీరు ఆ వేడిలో నీరుగా ఉండలేక, మిగులు వేడంతా ఖర్చయ్యేదాకా భగ్గున మరుగుతుంది. లీటరు నీటిలో ముప్పై అయిదు గ్రాములకు పైగా ఆవిరైపోతుంది. అంటే సుమారు అరవై లీటర్ల ఆవిరి, పప్పు నీళ్లను వెంటబెట్టుకుని ఆ చిన్న రంధ్రం గుండా చిమ్ముకొస్తుంది. మూత మీద చన్నీళ్లు పోసినా లోపలి ఆవిరి చల్లబడి నీరవుతుంది, పీడనం తగ్గుతుంది, పొయ్యి లేకుండానే పప్పు మళ్లీ తెర్లుతుంది. వెయిట్‌ను కొద్దిగా లేపి చూసినప్పుడు ఆవిరి రాకపోతేనే మూత తీయాలి. అప్పటికి లోపలి నీరు మామూలు మరుగు స్థానానికి దిగివచ్చి ఉంటుంది.