గ్వాదలహారాకు వెళ్లే ఆఫర్ లెటర్

మన ఐటీ కంపెనీలకు మెక్సికోలో ఆఫీసులు ఉండటం కొత్త విషయం కాదు. టీసీఎస్ గ్వాదలహారాలో, ఇన్ఫోసిస్ మాంతెర్రేలో ఎప్పటినుంచో పనిచేస్తున్నాయి. వాటి దారిలోనే హైదరాబాద్‌లోని చిన్న కంపెనీలు కూడా అమెరికా కస్టమర్లకు దగ్గరగా ఉంటుందని అక్కడ పదిమందినో ఇరవై మందినో పెట్టుకుంటున్నాయి. అలాంటి కంపెనీ హెచ్ఆర్ విభాగం చేసే మొదటి పని, మాదాపూర్‌లో వాడే ఇంగ్లీషు ఆఫర్ లెటర్‌లోనే పేరూ హోదా అంకెలూ మార్చి, స్పానిష్ వచ్చినవాళ్లకు పంపి, రేపటికల్లా చేసిపెట్టమని అడగడం.

రెండు పేజీల ఉత్తరమే కదా, రేపటికి అయిపోతుంది. భాష వరకూ మారుతుంది. కానీ ఆ ఉత్తరంలో ప్రతి వాక్యం వెనకా మన దేశపు పద్ధతి ఒకటి దాగి ఉంటుంది. స్పానిష్‌లోకి ఎంత చక్కగా దించినా, ఆ పద్ధతి అవతలి దేశంలో లేకపోతే చదివేవాళ్లు దాన్ని తమ పద్ధతిలో అర్థం చేసుకుంటారు. ఈ పనిలో తప్పులు దొర్లేది వ్యాకరణంలో కాదు, ఇక్కడే.

అందుకే అనుభవమున్న అనువాదకులు ముందుగా అడిగేది ఉద్యోగం ఏ దేశంలో అని. ఉద్యోగికి జీతం కాక వచ్చే సదుపాయాలన్నిటినీ మెక్సికోలో ప్రెస్తాసియోనెస్ అంటారు. స్పెయిన్‌లో అదే మాట వింటే ప్రభుత్వ సామాజిక భద్రత నుంచి వచ్చే చెల్లింపులు గుర్తొస్తాయి. స్పెయిన్‌లో ఏడాది జీతాన్ని 14 వాయిదాల్లో ఇవ్వడం మామూలే, మెక్సికోలో ఆ లెక్క లేదు. అంకెలు రాసే తీరు కూడా వేరు. వెయ్యిన్నరను స్పెయిన్‌వాళ్లు 1.500 అని చుక్క పెట్టి రాస్తే, మెక్సికోవాళ్లు మనలాగే 1,500 అని కామా పెడతారు. 

గ్వాదలహారాలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు ఇవ్వబోయే ఉత్తరాన్ని ఊహించుకుందాం. అందులో ఇలా ఉంది: ఏడాదికి మొత్తం కాంపెన్సేషన్ 7,20,000 పెసోలు, చెల్లింపు నెలకోసారి. ప్రొబేషన్ ఆరు నెలలు, అవసరమనుకుంటే కంపెనీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ప్రొబేషన్‌లో ఉన్నట్టే. మెడికల్ ఇన్సూరెన్స్, గ్రాట్యుటీ వంటివి కన్ఫర్మేషన్ తర్వాత కంపెనీ నిబంధనల ప్రకారం. మన దగ్గర ఉద్యోగం చేసినవాళ్లు ఇందులో వింతేముంది అనుకుంటారు. నిజానికి ఇందులో దాదాపు ప్రతి వాక్యానికీ ఒక చిక్కు ఉంది.

జీతం సంగతి చూద్దాం. 7,20,000 అన్న మన లక్షల కామా 720,000గా మారాలి, అది తేలిక. మెక్సికోలో పెసోకు కూడా డాలర్ గుర్తే వాడతారు. విదేశీ కంపెనీ పంపిన కాగితంలో $ అని ఒక్కటే కనిపిస్తే, అది పెసోనా డాలరా అన్న సందేహం రావడం సహజం. అక్కడి కాగితాల్లో అంకె వేశాక మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాసి, సెంటావోల భాగాన్ని 00/100 అని చూపించి, చివర మొనెదా నాసియోనాల్, అంటే జాతీయ కరెన్సీ అని చేరుస్తారు. అలా రాసేస్తే ఆ గొడవ ఉండదు.

అసలు చిక్కు నెలకోసారి అన్న మాటతో. మెక్సికో సమాఖ్య కార్మిక చట్టం 88వ అధికరణం ప్రకారం శారీరక శ్రమ చేసేవాళ్లకు వారానికోసారి, మిగతావాళ్లకు 15 రోజులకోసారి జీతం ఇవ్వాలి. అంతకు మించి ఆపకూడదు. ఈ పదిహేను రోజుల జీతాన్ని కిన్సేనా అంటారు, నెలలో 15వ తేదీన ఒకటి, నెలాఖరున ఒకటి వస్తుంది. అంటే ఏడాదికి 24. మన ఉత్తరం లెక్కన నెలకు 60,000, కిన్సేనాకు 30,000. ఇది తెలిసిన హెచ్ఆర్‌వాళ్లు కొందరు ఇంగ్లీషులో బైవీక్లీ అని దిద్దుతారు. అప్పుడు ఇంకో గుంట. బైవీక్లీ అంటే 14 రోజులకోసారి, ఏడాదికి 26 సార్లు. దానికి మెక్సికోలో కతోర్సేనా అని వేరే మాట ఉంది. ఆ లెక్కన ఒక్కో చెల్లింపు 27,692 పెసోలకు దిగుతుంది. మొత్తం అదే అయినా, కిన్సేనా అని రాసి 27,692 ఇస్తే ఉద్యోగికి ఏడాదిలో 55 వేల పెసోలకు పైగా తక్కువ పడుతుంది.

మొత్తం కాంపెన్సేషన్ అన్న మాట ఇంకా గడుసుది. మన సీటీసీలో యజమాని కట్టే పీఎఫ్ వాటా సహా అన్నీ కలిపేస్తారని మనకు తెలుసు. ఆ అంకెకీ చేతికొచ్చే అంకెకీ ఉన్న దూరం చూసి మొదటి జీతం రోజున నిట్టూర్చని వాళ్లు తక్కువ. మెక్సికోలో అభ్యర్థి అడిగేది నెల జీతం ఎంత, అది పన్నుకు ముందా తర్వాతా అని. అంతకంటే ముఖ్యమైనది అగినాల్దో. డిసెంబరు 20 లోపు ప్రతి ఉద్యోగికీ కనీసం 15 రోజుల జీతం ఇవ్వాలని 87వ అధికరణం చెబుతోంది. అది బోనస్ కాదు, యజమాని దయ మీద ఆధారపడింది కాదు, హక్కు. మరి మన 7,20,000లో అగినాల్దో కలిసి ఉందా, లేదా?

లేదంటే నెలకు 60,000, రోజుకు 2,000, డిసెంబరులో అదనంగా 30,000. కలిసి ఉందంటే ఆ మొత్తాన్ని పన్నెండున్నర నెలలకు పంచాలి. అప్పుడు నెల జీతం 57,600, అగినాల్దో 28,800. నెలకు 2,400 పెసోల తేడా ఒక్క మాట మీద వేలాడుతోంది. ఏడాదికి 12 రోజుల సెలవు మీద పాతిక శాతం చొప్పున ఇవ్వాల్సిన ప్రీమా వకాసియోనాల్ అనే సెలవుల భత్యం కూడా ఉంది. పై లెక్కలో అది 6,000 పెసోలు. ఏది కలిసిందో ఇంగ్లీషు ఉత్తరం చెప్పదు, ఎందుకంటే రాసినవాళ్లకు అగినాల్దో అనేది ఒకటుందనే తెలియదు. అనువాదకులు దీన్ని ఊహించి పూరించకూడదు. రాసి అడగాలి.

ఇక ప్రొబేషన్. ఈ వాక్యానికి స్పానిష్‌లో సరిగ్గా సరిపోయే మాట ఉంది, పెరీయోదో అ ప్రుయేబా. మాట దొరికిందని సంతోషిస్తే పప్పులో కాలేసినట్టే. 2012 సవరణతో చట్టంలోకి వచ్చిన 39-ఎ అధికరణం ప్రకారం ఈ గడువు మామూలు ఉద్యోగాలకు 30 రోజులు దాటకూడదు. మేనేజర్లకు, డైరెక్టర్లకు, ప్రత్యేక నైపుణ్యంతో చేసే సాంకేతిక పనులకు మాత్రం 180 రోజుల దాకా పెట్టుకోవచ్చు. మన ఇంజనీర్ ఈ రెండో కోవలోకి వస్తాడని కంపెనీ వాదించవచ్చు. అయినా ఆరు నెలలు అంటే 180 రోజులు కాదు. జనవరి 1న చేరితే జూన్ ఆఖరుకు 181 రోజులు, లీపు సంవత్సరమైతే 182. జూలై 1న చేరితే డిసెంబరు ఆఖరుకు 184. ఇంగ్లీషులో ఆరు నెలలు అని ఉన్నదాన్ని స్పానిష్‌లో ఆరు నెలలు అనే రాస్తే అనువాదం ఒప్పే, నిబంధన మాత్రం చట్టం గీసిన గీత దాటిపోతుంది.

మూడు నెలల పొడిగింపు అసలు కుదరదు. ఈ గడువును పొడిగించకూడదని చట్టం స్పష్టంగా చెప్పింది. గడువు దాటాక కూడా పని సాగితే అది శాశ్వత ఉద్యోగమే. కన్ఫర్మేషన్ లెటర్ కోసం ఏడాదిన్నరపాటు ఎదురుచూడటం మన ఆఫీసుల్లో కొత్త కాదు. అక్కడ యజమాని మౌనంగా ఊరుకుంటే ఉద్యోగం ఖాయమైనట్టే. ప్రొబేషన్ షరతు కాగితం మీద లేకపోతే మొదటి రోజు నుంచే శాశ్వతం. ఆ తర్వాత సరైన కారణం లేకుండా తీసేస్తే మూడు నెలల జీతం నష్టపరిహారంతో లెక్క మొదలవుతుంది.

సదుపాయాల వాక్యం కూడా ఇదే గోడకు గుద్దుకుంటుంది. ప్రొబేషన్‌లో ఉన్నా సరే, ఆ హోదాకు ఉన్న జీతం, సామాజిక భద్రత, ప్రెస్తాసియోనెస్ అన్నీ అందాలన్నది అదే 39-ఎ అధికరణం. కన్ఫర్మేషన్ తర్వాతే అన్న షరతు నిలబడదు. మెడికల్ ఇన్సూరెన్స్ అన్న మాటను విడదీసి చూడాలి. చట్టం ప్రకారం అందరికీ ఉండే ప్రభుత్వ వైద్యం ఐఎంఎస్ఎస్ అనే సంస్థ ద్వారా వస్తుంది. కంపెనీ అదనంగా ఇచ్చే ప్రైవేటు బీమాను సేగురో దే గాస్తోస్ మేదికోస్ మయోరెస్ అంటారు, పెద్ద వైద్య ఖర్చుల బీమా అని. ఉత్తరంలో ఉన్నది ఏదో తేల్చుకోకుండా వైద్య బీమా అని పైపైన రాస్తే, అభ్యర్థి ప్రైవేటు బీమా అనే అనుకుంటాడు. అతని తప్పేం లేదు.

గ్రాట్యుటీ మరీ మొండి కేసు. చూడ్డానికి దగ్గరగా ఉందని గ్రాతిఫికాసియోన్ అని రాస్తే అది బోనస్ అవుతుంది. నిఘంటువు చూసి ప్రొపీనా అని రాస్తే హోటల్లో ఇచ్చే టిప్పు. సర్వీసును బట్టి ఇచ్చే ప్రీమా దే అంతిగ్వెదాద్ అనేది ఒకటుంది, ఏడాదికి 12 రోజుల చొప్పున. కానీ స్వయంగా రాజీనామా చేసినవాళ్లకు అది 15 ఏళ్ల సర్వీసు ఉంటేనే దక్కుతుంది. మన గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్లు చాలు. ఈ మాట పెడితే కంపెనీ ఒకటి ఇస్తానంటే ఉద్యోగి ఇంకొకటి ఆశిస్తాడు. నన్నడిగితే దీనికి అనువాదం లేదు. మెక్సికో ఉత్తరంలోంచి ఆ వాక్యం తీసేయమని కంపెనీకి చెప్పడమే సరైన పని.

చెప్పడం అన్నాను, తీసేయడం అనలేదు. ఇక్కడ అనువాదకుల హద్దు ఒకటుంది. ఆరు నెలల్ని 180 రోజులుగా, నెలవారీని కిన్సేనాగా చడీచప్పుడు లేకుండా మార్చేస్తే మేలు చేసినట్టే అనిపిస్తుంది. కానీ అప్పుడు కంపెనీ సంతకం పెట్టిన ఇంగ్లీషు ఒకటి, ఉద్యోగి సంతకం పెట్టిన స్పానిష్ ఇంకొకటి. మంచి పద్ధతి ఏమిటంటే, ఉన్నదున్నట్టు అనువదించి, పక్కన సందేహాల పట్టిక ఒకటి జతచేయాలి. ఏ వాక్యం, అందులో చిక్కేమిటి, కంపెనీ ఏం తేల్చాలి అని మాత్రమే రాయాలి. ఆ పట్టిక హెచ్ఆర్ దగ్గరికీ, అక్కడినుంచి మెక్సికో కార్మిక చట్టం తెలిసిన వకీలు దగ్గరికీ వెళ్లాలి. వాళ్లు ముందు ఇంగ్లీషు మూలాన్ని దిద్దాక, స్పానిష్‌ను దాని ప్రకారం మార్చాలి. మన ఉదాహరణలో ఆ పట్టికకు కనీసం ఏడు వరసలు కావాలి. రెండు పేజీల ఉత్తరానికి ఒక్కటి కూడా రాలేదంటే అనువాదం బాగుందని అనుకోకండి, ఎవరూ చదవలేదని అనుమానించండి.

చాలా కంపెనీలు ఉత్తరం చివర, రెండు భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుందని ఒక వాక్యం పెట్టి నిశ్చింతగా ఉంటాయి. మెక్సికోలో ఉద్యోగి కార్మిక కోర్టుకు వెళ్తే ఆ నిశ్చింత నిలవదు. పరభాషలో ఉన్న పత్రాన్ని స్పానిష్ అనువాదంతో కలిపి దాఖలు చేయాలి. చట్టం ఇచ్చిన హక్కును ఉద్యోగి వదులుకున్నట్టు ఏ భాషలో రాసినా అది చెల్లదు. కార్మిక నిబంధనల అర్థంలో సందేహం వస్తే కార్మికుడికి మేలు చేసే అర్థమే తీసుకోవాలని చట్టం 18వ అధికరణం చెబుతోంది.