ఛాతీ 38 ఉంటే జెర్సీ 34 ఎందుకు? సైక్లింగ్ బట్టల సైజు లెక్క

విజయవాడలో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీదో, బందరు రోడ్డు మీదో నిలబడితే సైకిళ్ల మీద వెళ్లే కుర్రాళ్లు కనిపిస్తారు. ఒంటికి అతుక్కున్న రంగు చొక్కా, నల్లటి బిగుతు నిక్కరు. చూసేవాళ్లకు అది ఫ్యాషన్‌లా అనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకైతే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్ల బాధ ఇంకొకటి: టీషర్టుకు ఎల్ సైజు సరిపోయే మనిషికి సైక్లింగ్ జెర్సీ ఎల్ వేసుకుంటే ఊపిరి ఆడదు. డబ్బులు దండగయ్యాయని మూలన పడేస్తారు. లేదంటే రెండు సైజులు పెద్దది తెప్పించుకుని, దానితో వేరే తిప్పలు పడతారు.

అసలు తేడా ఎక్కడ ఉందో దర్జీ దగ్గర కుర్తా కుట్టించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కాకపోతే దాన్ని ఈ బట్టలతో కలిపి చూడరు. ఛాతీ 38 అంగుళాలు ఉన్న మనిషికి టైలర్ కుర్తాను 38కే కుట్టడు. ఊపిరి తీసుకోవడానికి, చేతులు కదలడానికి నాలుగు అంగుళాలు లూజు వేసి 42కు కుడతాడు. రెడీమేడ్ టీషర్టులోనూ ఈ లూజు ఎంతో కొంత ఉంటుంది. రేస్ కట్ జెర్సీలో లెక్క తిరగబడుతుంది. దానికి లూజు కలపరు, తీసేస్తారు. ఛాతీ 38 ఉన్న మనిషికి సరిపోయే జెర్సీని నేల మీద పరిచి కొలిస్తే చుట్టుకొలత 34 అంగుళాలే ఉండొచ్చు. సాగే గుణం ఉన్న స్పాండెక్స్ నూలు అందులో కలిసి ఉంటుంది కాబట్టి ఆ నాలుగు అంగుళాలు, అంటే సుమారు పన్నెండు శాతం, ఒంటి మీద సాగుతుంది. ఈ నూలును 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో కనిపెట్టారు. లైక్రా అన్నది దాని బ్రాండు పేరు.

అందుకే బట్టను చేతిలో పట్టుకుని "ఇది పిల్లల సైజులా ఉందే" అనుకుని తిప్పి పంపడం తప్పు. సైజు చార్టులో ఇంకో మెలిక ఉంది. చాలా సైక్లింగ్ కంపెనీల చార్టుల్లో ఉండేది ఒంటి కొలత, బట్ట కొలత కాదు. చార్టులో 38 అని ఉంటే మీ ఛాతీ 38 ఉండాలని అర్థం. అందులో మళ్లీ లూజు కోసం రెండు అంగుళాలు కలుపుకుంటే ఒక సైజు ఎక్కువైపోతుంది.

ఇంతకీ లూజు ఎందుకు తీసేస్తారు? కృష్ణా డెల్టాలో నడిపేవాళ్లకు మొదటి కారణం బాగా తెలిసినదే, గాలి. ఇక్కడ నేల చదునుగా ఉంటుంది. ఎక్కడానికి గుట్టలు పెద్దగా లేవు. కాస్త వేగం అందుకున్నాక కాళ్ల బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర ఉన్న నిరోధం 30 దగ్గర ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచినప్పుడు బందరు వైపు నడిపేవాడు 20 వేగంతోనే వెళ్తున్నా, ఎదురుగాలి 10 ఉంటే ఒంటికి తగిలేది 30 గాలే. అప్పుడు భుజాల మీద, వీపు మీద బట్ట టపటపా కొట్టుకుంటుంటే వెనక్కి లాగినట్టే ఉంటుంది. బట్ట ఒంటికి అతుక్కుని ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది.

రెండో కారణం జేబులు. జెర్సీకి వీపు కింద భాగంలో సాధారణంగా మూడు జేబులు ఉంటాయి. ఫోను, పంక్చర్ సామాను, అరటిపండ్లు అందులోనే. జెర్సీ వదులుగా ఉంటే ఆ బరువుకు వెనక భాగం కిందికి వేలాడి, ప్రతి తొక్కుకూ అటూ ఇటూ ఊగుతుంది. మూడోది చెమట. ఈ బట్ట చెమటను ఒంటి మీది నుంచి లాగి పైకి పరుస్తుంది, అక్కడ అది ఆరుతుంది. ఆ పని జరగాలంటే బట్ట ఒంటిని తాకుతూ ఉండాలి. అయితే మన దగ్గర గాలిలోనే తేమ ఎక్కువ. ఏ బట్ట వేసుకున్నా చెమట పూర్తిగా ఆరిపోతుందని ఆశ పెట్టుకోకూడదు.

కొలత ఒక్కటే కాదు, కట్ ఆకారం కూడా వేరు. రేస్ జెర్సీని నిలబడే మనిషి కోసం కత్తిరించరు. ముందుకు వంగి, చేతులు హ్యాండిల్ మీద చాచిన మనిషి కోసం కత్తిరిస్తారు. అందుకే ముందు భాగం పొట్టిగా, వెనక పొడుగ్గా ఉంటుంది. అద్దం ముందు నిటారుగా నిలబడితే భుజాలు పట్టేస్తాయి, ముందు వైపు పైకి లేస్తుంది. అది లోపం కాదు. సైకిల్ మీద కూర్చుని, లేదా కుర్చీలో కూర్చుని చేతులు ముందుకు చాచి చూస్తే అదే జెర్సీ సర్దుకుంటుంది. క్యాజువల్ కట్ జెర్సీకి పొట్ట దగ్గర, చంకల దగ్గర బట్ట ఎక్కువ ఇస్తారు, ముందు భాగం కూడా పొడుగ్గా ఉంటుంది. నిటారుగా కూర్చుని పది పదిహేను కిలోమీటర్లు వెళ్లి టీ తాగి వచ్చేవారికి అదే హాయి. రేస్ కట్ వల్ల వారికి దక్కే లాభం చాలా తక్కువ.

ప్యాడ్ ఉన్న నిక్కరు సంగతి వేరు. జెర్సీ వదులైతే వేగం కాస్త తగ్గుతుంది, అంతే. నిక్కరు వదులైతే ఒళ్లు గాయపడుతుంది. కూర్చున్నప్పుడు బరువంతా రెండు పిరుదుల ఎముకల మీద పడుతుంది. ప్యాడ్ సరిగ్గా వాటి కింద ఉండాలి, అక్కడి నుంచి కదలకూడదు. గంటసేపు సైకిల్ తొక్కితే కాళ్లు కొన్ని వేల సార్లు తిరుగుతాయి. ప్యాడ్ ఒంటితో పాటు కదలకుండా విడిగా జరుగుతుంటే ప్రతిసారీ చర్మం రాచుకుంటుంది. చెమటకు తోడు ఆ రాపిడి కలిస్తే కమిలిపోయి కురుపులు వస్తాయి. 200 కిలోమీటర్ల దూరాన్ని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాల్సిన బ్రెవే లాంటి సవారీలో ఇది మధ్యలోనే ఆపించేస్తుంది. లోపల డ్రాయరు వేసుకోకూడదనేది కూడా ఇందుకే. దాని కుట్లు ప్యాడ్‌కూ చర్మానికీ మధ్యలో చేరి కోస్తాయి.

ప్యాడ్ మందంగా ఉంటే మంచిదనుకోవడం మామూలే. రేస్ నిక్కర్లలో ప్యాడ్ సాధారణంగా పలచగా, గట్టిగా, వంగి కూర్చునే తీరుకు తగ్గట్టు ఉంటుంది. నిటారుగా కూర్చునేవారి నిక్కర్లలో వెనక వైపు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. మరీ మెత్తటిది కాసేపటికే అణిగిపోయి ముడతలు పడి, ఆ ముడతలే ఒత్తుకుంటాయి. ఆడవారికి, మగవారికి ప్యాడ్ ఆకారం వేరుగా చేస్తారు. కాబట్టి అన్నది తమ్ముడికి కాస్త వదులైనా సర్దుకోవచ్చు గానీ, అక్కకు ఇస్తే సరిపడదు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక యువకుడి నడుము 34 అంగుళాలు, సీటు 39 అనుకుందాం. సీటు అంటే టైలర్లు కొలిచే చోటే, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడితే పిరుదులు అన్నిటికన్నా ఉబ్బెత్తుగా ఉండే చోట చుట్టుకొలత. కంపెనీ చార్టులో ఎం అంటే నడుము 31–33, సీటు 37–39 అని, ఎల్ అంటే నడుము 34–36, సీటు 40–42 అని ఉందనుకుందాం. నడుము ఎల్ అంటోంది, సీటు ఎం అంటోంది. ప్యాడ్‌ను పట్టి ఉంచేది సీటు, తొడలే కాబట్టి సీటు మాటే వినాలి. భుజాల మీదికి పట్టీలు ఉండే బిబ్ నిక్కరైతే నడుము దగ్గర గట్టి ఎలాస్టిక్ ఉండదు, ఎం నిశ్చింతగా తీసుకోవచ్చు. నడుము ఎలాస్టిక్ ఉన్నదైతే వంగి చూడాలి. పొట్టను కోస్తుంటే సైజు పెంచడం కన్నా వెడల్పు పట్టీ ఉన్న మోడల్ వెతుక్కోవడం మేలు. ఒక సంగతి, బిబ్ వేసుకుంటే బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నప్పుడు చాలాసార్లు జెర్సీ కూడా విప్పాలి.

వేసుకున్నాక చూడాల్సినవి కొన్నే. కాళ్ల మధ్య వేళ్లతో పట్టుకుంటే బట్ట ముడతగా చేతికి వస్తే, లేదా ప్యాడ్‌కూ ఒంటికీ మధ్య ఖాళీ ఉంటే అది వదులు. తొడ చివర పట్టీ దగ్గర కండ ఉబ్బి బయటికి వస్తున్నా, వంగినప్పుడు వెనక బట్ట పలచబడి లోపల కనిపిస్తున్నా, కుట్లు సాగి తెల్లగా తేలినా అది బిగుతు. పట్టీ అచ్చు కాసేపు ఉండి పోతే పర్వాలేదు. కాళ్లు తిమ్మిరెక్కితే మాత్రం సైజు మార్చాలి.

ఇక ఇంట్లో పెద్దవాళ్ల అభ్యంతరం. నాభి నుంచి మోకాలి దాకా కప్పుకోవాలి, ఒంటి ఆకారం తెలియకూడదు అని చూసుకునే ఇళ్లలో ఇది చిన్న మాట కాదు. దీనికి దారి బట్టల లెక్కలోనే ఉంది. ఒంటికి అతుక్కోవాల్సింది ప్యాడ్ ఉన్న లోపలి నిక్కరే. దాని పైన ఏది వేసుకున్నా ప్యాడ్ పని ప్యాడ్ చేస్తుంది. లైనర్ పేరుతో పలచటి ప్యాడ్ నిక్కర్లు ఇందుకే దొరుకుతాయి. కొండదారుల్లో తొక్కేవాళ్లు చాలామంది వాటి మీద వదులు నిక్కరు వేసుకుంటారు. అలాగే లైనర్ మీద మోకాలు దాటే వదులు ప్యాంటు, పైన క్యాజువల్ కట్ జెర్సీ వేసుకుంటే సరిపోతుంది. దారిలో మసీదు దగ్గర ఆగినా బట్టలు మార్చుకునే పని ఉండదు. పోగొట్టుకునేది గాలి దగ్గర కాస్త వేగం మాత్రమే. పై ప్యాంటు కాళ్ల మధ్య లావు కుట్టు లేనిదై ఉండాలి, ఎందుకంటే ఆ కుట్టు మీదే కూర్చోవాలి. కుడికాలు అంచు చైన్‌లో పడకుండా క్లిప్పు పెట్టుకోవాలి. దుపట్టా వేసుకునే అమ్మాయిలు దాని కొసలు చక్రంలోకి జారకుండా లోపలికి దోపుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది గ్రూపు జెర్సీల దగ్గర. పేర్లు, బొమ్మలు వేయించి చేయించేవాటిని సాధారణంగా వాపసు తీసుకోరు. వాట్సాప్ గ్రూపులో "నీ టీషర్టు సైజు ఎంత" అని అడిగి ఆర్డర్ పెడితే సగం మందికి సరిపోవు. ముందు ఆ కట్ రేస్‌దా క్యాజువల్‌దా తయారీదారుణ్ని అడగాలి, వీలైతే నమూనా సైజులు తెప్పించి వేసుకుని చూడాలి. అందరి దగ్గరా టేపుతో కొలిచిన ఛాతీ, నడుము, సీటు అంకెలు తీసుకోవాలి. ఛాతీ చంకల కింద, టేపు అడ్డంగా, మామూలుగా ఊపిరి తీసుకుంటూ, ఒక్క పలచటి బనియన్ మీద కొలవాలి. అంకె రెండు సైజుల మధ్య పడితే, నిటారుగా కూర్చుని తొక్కేవారు పెద్దది, వంగి వేగంగా తొక్కేవారు చిన్నది రాయించుకోవాలి.