హార్డ్‌వేర్ దుకాణంలో ఏ సరుకుకు ఎంత విలువ

హార్డ్‌వేర్ దుకాణంలో సరుకు రకాలు వందల్లో ఉంటాయి. అన్నింటి మీదా ఒకే శ్రద్ధ పెట్టడం కుదరదు, పెట్టనవసరమూ లేదు. ఏడాదిలో ఏ సరుకు మీద ఎంత డబ్బు తిరుగుతోందో లెక్క తీసి, దాన్నిబట్టి సరుకును ఏ, బీ, సీ అనే మూడు తరగతులు చేసే పద్ధతిని ఏబీసీ విశ్లేషణ అంటారు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఫోర్డ్ డిక్కీ 1951లో ఒక పారిశ్రామిక పత్రికలో దీన్ని వివరించాడు. కొద్ది రకాల్లోనే ఎక్కువ విలువ ఉంటుందన్నది దీనికి ఆధారం. ఆదాయాలు, ఆస్తుల పంపకంలో ఇలాంటి అసమానతను ఇటలీ ఆర్థికవేత్త పరేటో అంతకు చాలా ముందే గమనించాడు.

లెక్కకు కావలసినవి రెండే అంకెలు: ఏడాదిలో అమ్ముడైన పరిమాణం, ఒక్కోదాని కొనుగోలు ధర. ఈ రెండింటి లబ్ధమే వార్షిక వినియోగ విలువ. బిల్లులు కంప్యూటర్‌లో లేని దుకాణంలో ఏడాది మొదట ఉన్న సరుకుకు ఏడాదిలో కొన్నది కలిపి, చివర మిగిలినది తీసేస్తే వాడకం తేలుతుంది. అమ్మకపు ధర ఇందులో పనికిరాదు. లాభం ఒక్కో సరుకు మీద ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి వరుస తారుమారవుతుంది. సరుకులో ఇరుక్కునేది దుకాణదారు పెట్టుబడి గనుక దాన్నే కొలవాలి.

ఒక చిన్న పట్టణంలోని దుకాణాన్ని ఊహించుకుని, పది రకాలతో లెక్క వేస్తే ఇలా ఉంటుంది. ధరలు ఉదాహరణకు తీసుకున్నవే. విలువ ఎక్కువ ఉన్నది పైన, తక్కువ ఉన్నది కింద వచ్చేలా వరుస పేర్చిన తర్వాతి పట్టిక ఇది.

| సరుకు | ఏడాది వాడకం | కొన్న ధర (రూ.) | విలువ (రూ.) | సంచిత శాతం | తరగతి |
|---|---|---|---|---|---|
| పెయింట్ బకెట్ (20 లీ.) | 250 | 2,800 | 7,00,000 | 35 | ఏ |
| పీవీసీ పైపు | 800 | 750 | 6,00,000 | 65 | ఏ |
| నీటి మోటారు | 75 | 4,000 | 3,00,000 | 80 | ఏ |
| కుళాయి | 600 | 250 | 1,50,000 | 87.5 | బీ |
| మేకులు (కిలో) | 1,250 | 80 | 1,00,000 | 92.5 | బీ |
| బైండింగ్ వైరు (కిలో) | 1,000 | 70 | 70,000 | 96 | బీ |
| తలుపు బందు | 1,600 | 25 | 40,000 | 98 | సీ |
| సాండ్ పేపర్ | 3,000 | 8 | 24,000 | 99.2 | సీ |
| టెఫ్లాన్ టేపు | 1,000 | 10 | 10,000 | 99.7 | సీ |
| కుళాయి వాషరు | 3,000 | 2 | 6,000 | 100 | సీ |

మొత్తం 20 లక్షలు. పెయింట్ వాటా అందులో 35 శాతం. దానికి పైపుల 30 శాతం కలిపితే 65, మోటార్ల 15 కలిపితే 80. ఇలా పైనుంచి కలుపుకుంటూ వచ్చేదే సంచిత శాతం. చివరి వరుసలో 100 రాకపోతే కూడికలో ఎక్కడో తప్పు జరిగినట్టే.

తరగతుల హద్దులుగా 80, 95 శాతాలను తీసుకోవడం వాడుక. ఇదేమీ శాసనం కాదు, 70, 90 పెట్టుకునేవారూ ఉన్నారు. అసలు చిక్కు హద్దు మీద పడే సరుకుతో వస్తుంది. బైండింగ్ వైరు 92.5 దగ్గర మొదలై 96 దగ్గర ముగుస్తుంది, అంటే 95 హద్దును దాటుకుంటూ పోతుంది. తన వరుసలోని సంచిత శాతం 95కు మించింది కాబట్టి సీ అనేవారున్నారు. కానీ ఆ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఒకే సరుకు మొత్తం విలువలో 82 శాతం ఆక్రమించిందనుకుంటే, అది 80 దాటింది గనుక బీలో పడుతుంది, ఏలో ఒక్క సరుకూ మిగలదు! అందుకే పై వరుసలోని సంచిత శాతాన్ని చూసి తరగతి నిర్ణయించడం మేలు. పై వరుస ఇంకా 80 చేరకపోతే ఈ సరుకు ఏ, 95 చేరకపోతే బీ, లేదంటే సీ. పట్టికలో పాటించింది ఈ నియమాన్నే.

ఎక్సెల్‌లో సరుకు పేరు, వాడకం, ధర, విలువ వరుసగా A నుంచి D వరకు నిలువు వరుసల్లో, సంచిత శాతం E లో, తరగతి F లో ఉంచి, మొదటి అడ్డు వరుసను శీర్షికలకు వదిలేస్తే, రెండో వరుసలో D2, E2, F2 గడుల్లో రాయవలసినవి ఇవి:

```
=B2*C2
=SUM(D$2:D2)/SUM(D$2:D$11)
=IF(N(E1)<0.8,"ఏ",IF(N(E1)<0.95,"బీ","సీ"))
```

మూడింటినీ కింది వరకు లాగితే పట్టిక పూర్తవుతుంది. E గడులను శాతం రూపంలోకి మార్చుకోవాలి. N అన్నది శీర్షికలోని అక్షరాలను సున్నాగా చదువుతుంది. అందువల్ల మొదటి సరుకు ఎప్పుడూ ఏలోనే పడుతుంది. విలువ ప్రకారం వరుస పేర్చకుండా ఈ సూత్రాలు రాస్తే తరగతులన్నీ తప్పుగా వస్తాయి, ఎక్సెల్ మాత్రం ఏ హెచ్చరికా చేయదు.

ఆ తప్పును చార్టు వెంటనే పట్టిస్తుంది. A, D, E వరుసలను ఎంచుకుని Combo రకం చార్టు పెట్టాలి. విలువకు నిలువు పట్టీలు, సంచిత శాతానికి గీత పెట్టి, గీతకు Secondary Axis గుర్తు పెట్టాలి. లేకపోతే లక్షల పక్కన 0.35 లాంటి అంకె కనిపించదు, గీత నేలకు అతుక్కుపోతుంది. కుడి అక్షం గరిష్ఠాన్ని 100 శాతానికి కట్టేయాలి. పట్టీలు ఎడమనుంచి కుడికి మెట్లలా దిగాలి, గీత మొదట నిటారుగా లేచి తర్వాత చదునుబడాలి. మధ్యలో ఏ పట్టీ అయినా ఎడమదాని కంటే ఎత్తుగా ఉంటే వరుస చెడినట్టు. గీత మొత్తం నిచ్చెన ఆనించినట్టు తిన్నగా పోతే, ఆ దుకాణంలో సరుకులన్నీ దాదాపు సమాన విలువ కలవని అర్థం. అప్పుడు ఏబీసీ వల్ల ఒరిగేది తక్కువ.

ఎక్కువగా జరిగే తప్పు కొలమానాల్లో ఉంటుంది. బందులను డబ్బాల లెక్కన కొని విడిగా అమ్మే చోట, డబ్బా ధరను విడి సంఖ్యతో గుణిస్తే చిన్న సరుకు ఒక్కసారిగా ఏలోకి ఎక్కి కూర్చుంటుంది. అనుకోని పేరు పట్టిక పైన కనబడితే ముందు అనుమానించవలసింది దీన్నే. రకాలను కలిపేయడం ఇంకో తప్పు. అన్ని సైజుల పైపులనూ ఒకే వరుసలో రాస్తే, అమ్ముడుపోని సైజు కూడా ఏ పేరుతో గౌరవం పొందుతుంది. నిజానికి పై పట్టికలోని పైపును కూడా సైజుల వారీగా విడగొట్టాలి.

తరగతులు తేలాక డబ్బు లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. పెయింట్‌ను రెండు నెలలకు సరిపడా నిల్వ ఉంచితే దాదాపు 1,16,700 రూపాయలు అందులో ఉంటాయి. నెలకు తగ్గిస్తే దాదాపు 58,300 విడుదలవుతాయి. సీలోని నాలుగు సరుకులనూ ఆరు నెలలకు సరిపడా ఒకేసారి కొన్నా 40,000 మించదు. అందుకే ఏ సరుకును వారం వారం లెక్కపెట్టి, కొద్దికొద్దిగా తరచూ తెప్పించాలి. సీ సరుకును ఏడాదికి రెండుసార్లు నిండా తెచ్చి వదిలేయవచ్చు. బీ ఈ రెండింటి మధ్యది, నెలకోసారి చూస్తే చాలు.

అయితే విలువ తక్కువ కాబట్టి సీ సరుకు అయిపోయినా ఫరవాలేదనుకోవడం పెద్ద పొరపాటు. పది రూపాయల టెఫ్లాన్ టేపు లేకపోతే కుళాయి కొనడానికి వచ్చిన ప్లంబరు పక్క దుకాణానికి వెళ్తాడు, కుళాయి కూడా అక్కడే కొంటాడు. ఈ పద్ధతి డబ్బును మాత్రమే కొలుస్తుంది, అవసరాన్ని కాదు. తప్పనిసరి సరుకులకు పక్కన విడిగా గుర్తు పెట్టుకుని, వాటికి కనీస నిల్వ నిర్ణయించుకోవాలి. ఏడాదంతా కదలని పాత సరుకూ సున్నా విలువతో సీ అట్టడుగున దాక్కుంటుంది. దానికి పెట్టవలసింది తగ్గింపు ధర, కొత్త ఆర్డరు కాదు. రెండు నెలల క్రితమే తెచ్చిన కొత్త సరుకుకు ఏడాది అంకె ఉండదు కాబట్టి, ఏడాది నిండేదాకా దాన్ని పట్టికకు బయటే ఉంచి, తర్వాతి ఏడాది లెక్కలో చేర్చాలి.