వ్యక్త్యంతర చికిత్స: ఉపాధి పోయి తిరిగివచ్చిన వ్యక్తిలో పాత్ర మార్పు, పాత్ర వివాదం

6.1 పరిచయం

వ్యక్త్యంతర చికిత్సను 1970 దశకంలో అమెరికాలో జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్, వారి సహచరులు రూపొందించారు. దాని విధానాన్ని వివరించే గ్రంథం 1984లో వెలువడింది. కుంగుబాటుకు మూలకారణం ఇదేనని ఈ చికిత్స వాదించదు. కుంగుబాటు మొదలైన రోజుల్లో ఆ వ్యక్తి జీవితంలోనూ, అతని సంబంధాల్లోనూ ఏం జరిగిందని మాత్రమే అడుగుతుంది. ఆ సమాధానాన్ని బట్టి ఆత్మీయుల మరణం వల్ల కలిగిన దుఃఖం, పాత్ర వివాదం, పాత్ర మార్పు, సంబంధాల లేమి అనే నాలుగు సమస్యా రంగాలలో ఒకదానినో, రెండింటినో ఎంచుకుంటుంది. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 16 సమావేశాలు ఉంటాయి.

ఈ భాగంలో రెండు రంగాలు ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు ఏం చేయాలో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం. ఇది బోధన కోసం కూర్చిన ఉదాహరణ.

6.2 సేవార్థి పరిస్థితి

సేవార్థికి 44 ఏళ్లు. జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామం. పదిహేడేళ్లు దుబాయిలో భవన నిర్మాణంలో రాడ్ బెండింగ్ పని చేశాడు. కంపెనీ పని తగ్గించుకోవడంతో ఐదు నెలల క్రితం తిరిగివచ్చాడు. భార్య బీడీలు చుడుతూ, సంఘంలో అప్పు తీసుకుని కడుతూ ఇన్నేళ్లు ఇల్లు నడిపింది. అతనికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. తిండి సహించదు. ఎవరైనా “మళ్లెప్పుడు పోతవ్?” అని అడుగుతారేమోనని వాకిలి దాటడు. “సంపాదన లేని మొగోడు ఎందుకు?” అంటాడు.

గత రెండు వారాల లక్షణాలను తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9లో అతనికి 27కు 17 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనలకు సంబంధించినది. దానికి వచ్చిన జవాబును మొత్తంలో కలిపేసి వదలకూడదు, విడిగా అడిగి తెలుసుకోవాలి. అతనికి ఆత్మహత్య ఆలోచనలు లేవు. గతంలో నిద్ర అవసరం లేనంత ఉత్సాహం, దుబారా వంటి ఉన్మాద దశ లక్షణాలు కూడా కనిపించలేదు.

6.3 తొలి దశ: ఏది ముందు?

మొదటి మూడు సమావేశాల్లో సలహాదారు రెండు పనులు చేస్తారు. మొదటిది, జబ్బుకు పేరు పెట్టడం. “ఇది కుంగుబాటు. చికిత్స ఉన్న జబ్బు. జ్వరమొచ్చినవాణ్ణి పొలానికి పోలేదని నిందించం కదా!” అని చెప్పడం వల్ల సేవార్థి తనను తాను నిందించుకోవడం తగ్గుతుంది. అయితే కోలుకునేందుకు పనిచేయవలసిన బాధ్యత అతనిదేనని కూడా చెప్పాలి.

రెండవది, సంబంధాల పట్టిక. దగ్గరివారు ఎవరు, ఎంత తరచుగా మాట్లాడుకుంటారు, ఒకరి నుంచి ఒకరు ఏం ఆశిస్తున్నారు, ఈ మధ్య ఏం మారింది అని ఒక్కొక్కరి గురించి అడగాలి. ఇక్కడ భార్యతో గొడవ బయటపడింది. రెండెకరాల పొలాన్ని ఆమె తన తమ్ముడికి కౌలుకు ఇచ్చింది, ఇతణ్ణి అడగలేదు.

గొడవ పైకి బాగా కనిపిస్తుంది కాబట్టి దానితోనే మొదలుపెట్టడం కొత్త సలహాదారులు చేసే పొరపాటు. ముందు తేదీలు వరుసగా రాయాలి. ఇతనికి నిద్ర చెడింది ఊరు చేరిన రెండో వారంలో. కౌలు గొడవ జరిగింది మూడో నెలలో. అంటే కుంగుబాటు మొదలైనది పాత్ర మార్పుతో. ఆ తర్వాత వచ్చిన వివాదం దానిని పెంచింది. అందుకే పాత్ర మార్పును మొదటి అంశంగా, వివాదాన్ని రెండో అంశంగా తీసుకుని సేవార్థి అంగీకారం పొందారు.

6.4 మధ్య దశ: పాత్ర మార్పు

పాత పాత్రలోని మంచిచెడ్డలు రెండింటినీ మాట్లాడించాలి. సేవార్థి మొదట మంచే చెప్పాడు: నెలనెలా డబ్బు పంపడం, ఫోర్‌మన్ తన పనిని మెచ్చుకోవడం, గదిలో ఊరివాళ్ల తోడు. పాత జీవితం అంతా బంగారంగా, కొత్తది అంతా బూడిదగా కనిపిస్తోందంటే, పోయినదాని బాధ ఇంకా తీరలేదని గుర్తించాలి. అతణ్ణి తొందరపెట్టకుండా ఆ బాధను చెప్పుకోనివ్వాలి. ఐదో సమావేశంలో అతడే, “ఒక్క రూంల ఎనిమిది మందిమి. బిడ్డ నడక నేర్సింది ఫోన్ల జూసిన” అని కంటతడి పెట్టాడు. ఆ తర్వాతే కొత్త పాత్ర గురించి మాట్లాడడం సాధ్యమైంది.

కొత్త పాత్రకు ఏ నైపుణ్యం ఉంది, ఎవరి తోడు ఉంది అన్నవి తర్వాతి ప్రశ్నలు. రాడ్ బెండింగ్ వచ్చు. తనకంటే ముందే తిరిగివచ్చిన మిత్రుడు మెట్‌పల్లిలో మేస్త్రీగా ఉన్నాడు. అతణ్ణి కలవడమే ఆ వారం పని. “ఉద్యోగం వెతుక్కో” అనడం కంటే ఇది చిన్న పని, చేయగలిగిన పని.

6.5 మధ్య దశ: పాత్ర వివాదం

ఒకరి నుంచి ఒకరు ఆశించేవి కలవకపోవడమే పాత్ర వివాదం. అది మూడు స్థితుల్లో ఉండవచ్చు. ఇద్దరూ ఇంకా వాదించుకుంటుంటే సంప్రదింపుల స్థితి. మాటలు ఆగిపోయి ఇంట్లో మౌనం నిలిస్తే ప్రతిష్టంభన. బంధం తెగిపోయినట్లే అయితే విచ్ఛిత్తి. ఈ దంపతులు నెల రోజులుగా పిల్లల ద్వారానే మాట్లాడుకుంటున్నారు. ఇది ప్రతిష్టంభన. ఇక్కడ ముందుగా మాటలు కదిలించాలి. ఆ క్రమంలో గొడవ కొంతకాలం పెరిగినట్లు కనిపించవచ్చని ముందే చెప్పాలి.

ఇందుకు వాడే పద్ధతి సంభాషణ విశ్లేషణ. “గొడవైంది” అంటే సరిపోదు, ఎవరు ఏ మాట అన్నారో వరుసగా చెప్పించాలి.

“నన్నొక్క మాట అడిగినవా?”
“ఎవలనడగాలె? పదిహేడేండ్లు ఉన్నవా అడుగుతందుకు?”

ఆ తర్వాత అతడు లేచి వెళ్లిపోయాడు. “ఆ మాట మీకు ఎలా వినిపించింది?” అంటే, “నువ్వు అక్కరకురావన్నట్టు” అన్నాడు. “ఆమె ఇంకేం చెప్పాలనుకుని ఉండవచ్చు?” అంటే చాలాసేపు ఆలోచించి, “ఒక్కతే మోసిన అన్నదేమో” అన్నాడు. అతని అసలు బాధ కౌలు గురించి కాదు, ఇంట్లో తన స్థానం గురించి. ఆ సంగతి ఆమెకు అతడు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత సలహాదారు భార్య పాత్ర వేసి అభ్యాసం చేయించారు. మూడోసారికి అతనికి మాట కుదిరింది: “కౌలుకిచ్చినందుకు కోపం లేదు. ఇంట్ల నాకు పనేం లేదన్నట్టనిపిస్తున్నది. నువ్వొక్కదానివే మోసినవని నాకెరుకే.” ఆ వారం ఇంట్లో ఈ మాట అన్నాడు. ఆమె ఏడ్చింది, తర్వాత సంఘం అప్పు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. కౌలు గడువు తీరేదాకా పొలం తమ్ముడి దగ్గరే ఉండాలని, అప్పు లెక్క మాత్రం ఇద్దరూ కలిసి చూడాలని అనుకున్నారు.

6.6 ముగింపు దశ, పరిమితులు

పీహెచ్‌క్యూ-9 అంకె నాలుగో సమావేశంలో 15, ఎనిమిదిలో 11, పన్నెండులో 6. అప్పటికి అతడు మిత్రుడితో వారానికి నాలుగు రోజులు పనికి వెళుతున్నాడు. చివరి సమావేశాల్లో ఏ మార్పు దేని వల్ల వచ్చిందో అతని చేతనే చెప్పించారు. తిరగబెట్టే సూచనలుగా మూడింటి మెలకువను, వాకిలి దాటకపోవడాన్ని అతడే గుర్తించాడు.

ఈ చికిత్స అప్పు తీర్చదు, ఉద్యోగం ఇవ్వదు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే దాన్ని “వివాదం”గా చూడకూడదు, బాధితుల రక్షణే ముందు. ఆత్మహత్య ఆలోచన, ఉన్మాద లక్షణాలు, లేని మాటలు వినిపించడం, మద్యం మానలేని స్థితి ఉన్నా, సగం సమావేశాలు గడిచినా అంకె తగ్గకపోయినా మానసిక వైద్యుల వద్దకు పంపాలి. మందులతో పాటు ఈ చికిత్సను కొనసాగించవచ్చు. అత్యవసరంలో టెలి-మానస్ ఉచిత నంబరు 14416.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈ ఉదాహరణలో పాత్ర మార్పును మొదటి అంశంగా ఎందుకు ఎంచుకున్నారు?
2. కౌలు గొడవ మొదటి నెలలోనే జరిగి, ఆ తర్వాత నిద్ర చెడి ఉంటే మీ ఎంపిక ఎలా మారుతుంది?
3. ప్రతిష్టంభనకు, విచ్ఛిత్తికి తేడా ఏమిటి?