వంట ఒకటే అయినా సొమ్ము ఎవరిది వారిదే

సికింద్రాబాదు కార్ఖానా వంటి పేటలలో ముగ్గురు నలుగురు సంపాదనపరులు ఒకే కప్పు క్రింద నివసించే ముస్లిం కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అటువంటి ఇళ్ళ నుండి వారసత్వ పంపకం గురించి అడగడానికి మా వద్దకు వచ్చేవారి వివాదం తరచుగా ఒకే మాటతో మొదలవుతుంది: "నేను ఇంటికి ఇచ్చాను." ఏ ఉద్దేశంతో ఇచ్చారని మేము అడిగితే సమాధానం ఉండదు.

కలిసి తినడం ప్రశంసనీయమే. అష్అరీ తెగవారు ఆహారం తరిగిపోయినప్పుడు తమ వద్దనున్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో సమానంగా పంచుకునేవారని దైవప్రవక్త (స) మెచ్చుకున్నారు. ఇమామ్ బుఖారీ ఈ హదీసును భాగస్వామ్య ప్రకరణంలో చేర్చారు. అయితే ఆహారం కలిసినంత మాత్రాన ఆస్తులు కలిసిపోవు. పురుషులు సంపాదించినది వారిదనీ, స్త్రీలు సంపాదించినది వారిదనీ దివ్య ఖుర్ఆన్ (4:32) తెలుపుతున్నది. మన దేశంలో అమలులో ఉన్న ముస్లిం పర్సనల్ లా కూడా ఉమ్మడి కుటుంబ ఆస్తి అనే భావనను గుర్తించదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తండ్రి మరణించిన ఇంట్లో తల్లి, ముగ్గురు అన్నదమ్ములు ఉన్నారు. సోదరి అత్తవారింట ఉన్నది. అన్నదమ్ముల నెల ఆదాయాలు 30,000, 45,000, 20,000 రూపాయలు. కిరాణా, పాలు, గ్యాసు, కరెంటు, తల్లి మందులు కలిపి ఇంటి ఖర్చు 38,000. తలా సమానంగా వేస్తే చిన్నవానిపై పన్నెండు వేలకు పైగా పడి, అతని వద్ద ఎనిమిది వేలైనా మిగలవు. దానికి బదులు ప్రతి ఒక్కరూ తన ఆదాయంలో నూటికి 40 చొప్పున ఇస్తే 12,000, 18,000, 8,000 అవుతాయి, ఖర్చు సరిపోతుంది. పిల్లల ఫీజులు, ఫోను, బండి పెట్రోలు ఎవరివి వారే చూసుకోవాలి. నెలాఖరున మిగిలినది ఇచ్చినవారిదే. వచ్చే నెల వాటాలో దానిని తగ్గించుకోవచ్చు.

రెండవ కోడలు ఉపాధ్యాయురాలనుకుందాం. ఆమె జీతం ఈ లెక్కలోకి రాదు. భార్య పోషణ భర్త బాధ్యత. ఆమె సంతోషంగా ఇస్తే అది ఆమె ఔదార్యం. అడిగి, మొహమాటపెట్టి తీసుకున్నది ఇష్టపూర్వకంగా ఇచ్చినది కాదు.

నెలవారీ వంట ఖర్చులో పెద్ద చిక్కు రాదు. తినడానికి ఇచ్చినది తినడంతో తీరిపోతుంది. ఎవరు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారన్న లెక్క అక్కరలేదు. అసలు చిక్కు పెద్ద మొత్తాల వద్ద వస్తుంది. రెండవ సోదరుడు తండ్రి ఇంటి మేడపై మూడు లక్షలతో గది కట్టించాడనుకుందాం. ఆ ఇల్లు తల్లికి, ముగ్గురు సోదరులకే కాక సోదరికి కూడా చెందినది. అతడు ఇచ్చినది కానుక అయితే తిరిగి అడిగే హక్కు లేదు. అప్పు అయితే మూడు లక్షలే తిరిగి రావాలి; ఇంటి ధర ఎంత పెరిగినా అదనంగా కోరితే అది వడ్డీ అవుతుంది. వాటా అయితే ఎంత వాటాయో హక్కుదారులందరూ, సోదరితో సహా, ముందుగానే అంగీకరించాలి. ఈ మూడింటిలో ఏదో ఇటుక వేయకముందే నిర్ణయించాలి. గడువు గల అప్పును సాక్షులతో వ్రాసుకోమని ఖుర్ఆన్ (2:282) ఆదేశిస్తున్నది. సోదరుల మధ్య కాగితం అవిశ్వాసానికి గుర్తు కాదు.

తండ్రి జీవించి ఉండి, కుమారుడు ఆయన దుకాణంలోనే పనిచేసే ఇళ్ళలో మరింత జాగ్రత్త అవసరం. తండ్రి పోషణలో ఉంటూ, జీతమో భాగమో మాట్లాడుకోకుండా ఆయన వ్యాపారంలో పనిచేసిన కుమారుణ్ణి హనఫీ ధర్మశాస్త్రం సహాయకునిగానే పరిగణిస్తుంది, సంపాదన తండ్రిదే. ఇబ్నె ఆబిదీన్ 'రద్దుల్ ముహ్తార్'లో ఈ విషయం స్పష్టం చేశారు. తండ్రి మరణించాక ఇరవై ఏళ్ళు శ్రమించిన కుమారుడు "దుకాణం నాది" అన్నా అది వారసులందరికీ పంచవలసినదే. కనుక నెలజీతం ఎంతో, లాభంలో భాగం ఎంతో తండ్రి ఉండగానే నిర్ణయించుకోవాలి.

జకాత్ కూడా ఇంటి పేరున ఒకటిగా ఉండదు. వంట ఒకటైనా ప్రతి ఒక్కరి నిసాబ్ వేరు. కోడలి నగల జకాత్ కోడలిపైనే విధి. భర్త గానీ మామ గానీ ఆమె అనుమతితో చెల్లించవచ్చు.

ఈ వ్యవహారానికి ఒక నోటు పుస్తకం చాలు. ఒక పేజీలో వంట ఖర్చు, మరొక పేజీలో కానుక, అప్పు, వాటా అని మూడు గడులు. ఏ పెద్ద మొత్తమైనా ఇచ్చిన రోజే తగిన గడిలో వ్రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకం చేయాలి. ఏ గడిలో వ్రాయాలో ఇరువురికీ తేలని సొమ్ము ఆ రోజు చేతులు మారకపోవడమే మేలు.