షేర్లా, బంగారమా: ఒడిదుడుకులు తగ్గే పాళ్లు ఎంత?

చేతిలో ఉన్న డబ్బును షేర్లలో కొంత, బంగారంలో కొంత పెట్టాలనుకున్నవారికి మొదట వచ్చే ప్రశ్న ఏది ఎంత అని. రాబడి సంగతి కాసేపు పక్కన పెట్టి, ఒడిదుడుకులు అతి తక్కువగా ఉండే పాళ్లు కావాలంటే ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న అవకలనం చాలు. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ చూపిన దారి ఇది.

లెక్క కోసం, షేర్ల రాబడి ప్రామాణిక విచలనం 20 శాతం, బంగారానిది 10 శాతం అనుకుందాం. వాటి వర్గాలే వేరియన్స్‌లు: 400, 100. ఒకటి పెరిగినప్పుడు రెండోది కొద్దిగా తగ్గే ధోరణి ఉందని, సహసంబంధం -0.25 అని పెట్టుకుందాం. అప్పుడు కోవేరియన్స్ -0.25 × 20 × 10, అంటే -50.

షేర్ల వాటా w అయితే బంగారం వాటా 1-w. మొత్తం వేరియన్స్ ఇలా వస్తుంది:

V = 400w² + 100(1-w)² + 2w(1-w)(-50)

విప్పితే V = 600w² - 300w + 100. అవకలనం చేస్తే 1200w - 300. దీన్ని సున్నా చేస్తే w = 0.25. షేర్లలో పావు వంతు, బంగారంలో ముప్పావు వంతు. రెండో అవకలనం 1200, ధనాత్మకం. కాబట్టి ఇది కనిష్ఠమే, గరిష్ఠం కాదు. అక్కడ V = 62.5, విచలనం సుమారు 7.9 శాతం. మొత్తం బంగారంలోనే పెట్టినా 10 శాతం ఉండేది. ఎక్కువ ఊగిసలాడే షేర్లను కొంచెం కలిపితే మొత్తం ఊగిసలాట తగ్గడమే ఇందులోని అసలు విశేషం.

సరిచూడటానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. మొత్తం పెట్టుబడితో ఒక్కో ఆస్తికి ఉన్న కోవేరియన్స్ లెక్కించాలి. షేర్లకు 0.25×400 + 0.75×(-50) = 62.5. బంగారానికి 0.25×(-50) + 0.75×100 = 62.5. రెండూ సమానం, పైగా V కూడా అదే. ఇవి వేరైతే, ఎక్కువ ఉన్నదాంట్లోంచి తక్కువ ఉన్నదానికి కొంత మార్చి ఒడిదుడుకులను ఇంకా తగ్గించవచ్చు. అంటే మనం కనిష్ఠానికి చేరలేదన్నమాట. చాలామంది చివరి పదంలో 2 మరిచిపోతారు. అప్పుడు w సుమారు 0.227 వస్తుంది, చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ కోవేరియన్స్‌లు 52.3, 65.9 అని తేలి తప్పు బయటపడుతుంది.

సహసంబంధం 0.8 అయితే ఇదే పద్ధతిలో w = -1/3 వస్తుంది. లెక్క తప్పలేదు. లేని షేర్లను అప్పు తెచ్చి అమ్మి, ఆ డబ్బూ బంగారంలో పెట్టమని దాని అర్థం. అలా అమ్మే వీలు లేనివారికి w సున్నా నుంచి 1 మధ్యే ఉండాలి. ఆ హద్దుల్లో w పెరిగేకొద్దీ V పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, వారికి కనిష్ఠం w = 0 దగ్గర, అంటే పూర్తిగా బంగారంలోనే.