పేరు కొట్టేశాక కూడా మిగిలిపోయే మనిషి

మెడికల్ కాలేజీల్లో కేస్ ప్రెజెంటేషన్ అని ఒకటుంటుంది. వార్డులో చూసిన ఒక జబ్బు గురించి పీజీ విద్యార్థి స్లైడ్లు వేసి చెబుతారు. ప్రొఫెసర్లు, తోటి పీజీలు, హౌస్ సర్జన్లు కూర్చుని వింటారు, ప్రశ్నలడుగుతారు. డాక్టర్లు తయారయ్యేది ఇలాంటి చోటే. కానీ ఆ తెర మీదికి వచ్చే ప్రతి వాక్యం ఒక రోగి నమ్మకంతో చెప్పుకున్నదే. కనుక స్లైడ్లోకి ఎక్కించే ముందు కేస్ షీట్లోంచి ఆ మనిషి ఆనవాళ్లు తీసేయాలి. చాలామంది పేరూ ఐపీ నంబరూ తీసేసి, పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఒక నోట్ చూద్దాం. ఇది ఏ ఒక్క రోగిదీ కాదు. మన ఆస్పత్రుల్లో రాసే తీరు చూపించడానికి అల్లినది. ఇందులో పేరు, నంబర్లు ముందే తీసేశాం.

"37 ఏళ్ల స్త్రీ. అంగన్‌వాడీ టీచర్. ఫలానా ఊరు, ఫలానా మండలం. జనవరి 16, కనుమ రోజు రాత్రి 9 గంటలకు, ఆస్తి విషయంలో మరిదితో గొడవపడి పురుగుల మందు తాగినట్టు ఆమె అన్న చెబుతున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ చూశాక 108లో రాత్రి 11 గంటలకు క్యాజువాలిటీకి తెచ్చారు. చికిత్సకు బాగానే స్పందించింది. 18 ఉదయం 7 గంటలకు తలగడ మీంచి తల ఎత్తలేకపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఊపిరి అందక వెంటిలేటర్ మీద పెట్టాం. 27న వెంటిలేటర్ తీశాం. 31న డిశ్చార్జి."

ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్లు ఎందరుంటారు? ఒకరో ఇద్దరో. అందులో కనుమ నాడు 108 ఎక్కినామె ఒక్కరే. ఆ హాల్లో కూర్చున్న హౌస్ సర్జన్లలో ఒకరిది ఆ మండలమే అయితే, స్లైడ్ చదవడం పూర్తయ్యేలోపే ఆమె ఎవరో తెలిసిపోతుంది. అంతవరకూ తెలియని సంగతి, మరిదితో గొడవ, కొత్తగా తెలుస్తుంది. కాలేజీకి విద్యార్థులు చుట్టుపక్కల జిల్లాల నుంచే ఎక్కువగా వస్తారు, రోగులూ అక్కణ్నుంచే వస్తారు. కాబట్టి ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. రోగి ఆనవాలు దొరుకుతుందా లేదా అన్నది నోట్ మీద ఎంత ఆధారపడుతుందో, దాన్ని చదివేవాళ్లకు ముందే ఏమేం తెలుసు అన్నదాని మీదా అంతే ఆధారపడుతుంది.

ఈ విషయాన్ని అందరికీ కళ్లకు కట్టినట్టు చూపించిన సంఘటన 1990లలో అమెరికాలో జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య బీమా రికార్డులను, పేర్లూ చిరునామాలూ తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. పుట్టిన తేదీ, స్త్రీనా పురుషుడా అన్నది, పోస్టల్ కోడ్ మాత్రం ఉంచేశారు. అప్పటికి విద్యార్థిగా ఉన్న లతాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి పట్టణం ఓటర్ల జాబితా కొన్నారు. అందులోనూ ఆ మూడు వివరాలున్నాయి, పక్కనే పేర్లూ ఉన్నాయి. రెండూ కలిపి చూస్తే ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ వైద్య రికార్డు ఏదో తేలిపోయింది. పేరు లేని రికార్డుకు పేరు దొరకడానికి మూడు మామూలు వివరాలు చాలాయి.

తర్వాత అమెరికా తెచ్చిన నిబంధనల్లో ఒక పద్ధతి ప్రకారం 18 రకాల వివరాలు తీసేయాలి. పేరు, ఫోను, రికార్డు నంబరు లాంటివే కాక, రోగికి సంబంధించిన తేదీల్లో సంవత్సరం తప్ప ఏదీ మిగలకూడదు. వయసు 89 దాటితే అంకె చెప్పకుండా '90, ఆపైన' అనాలి, ఎందుకంటే ఆ వయసువాళ్లు తక్కువమందే ఉంటారు. ఆ జాబితా మొదలుపెట్టడానికి మంచిదే. కానీ దాన్ని అక్షరాలా పాటించినా మన నోట్లోని 'అంగన్‌వాడీ టీచర్' అలాగే ఉండిపోవచ్చు, ఎందుకంటే వృత్తి ఆ జాబితాలో విడిగా లేదు.

అందుకే ఏది తీసేయాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. ఈ కేసుతో విద్యార్థికి ఏం నేర్పాలి అన్నది ముందు తేల్చుకోవాలి. పై నోట్లో నేర్పాల్సింది ఒక్కటే. కొన్ని రకాల పురుగుమందుల విషం మొదట చికిత్సకు లొంగినట్టే కనిపిస్తుంది. తర్వాత, తాగిన 24 నుంచి 96 గంటల మధ్యలో, మెడ కండరాలు, ఊపిరి తీసే కండరాలు నీరసపడిపోతాయి. శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లీడ్డే 1987లో దీన్ని వివరించి 'ఇంటర్మీడియట్ సిండ్రోమ్' అన్నారు. రోగి తలగడ మీంచి తల ఎత్తలేకపోవడం దానికి తొలి గుర్తు. దాన్ని గమనించిన హౌస్ సర్జన్ మనిషిని కాపాడగలరు, గమనించకపోతే తెల్లవారేసరికి ఊపిరి ఆగిపోవచ్చు.

ఈ పాఠానికి ఊరు అక్కర్లేదు. వృత్తి అక్కర్లేదు. మరిది, అన్న, ఆర్‌ఎంపీ ఎవరూ అక్కర్లేదు. కానీ కాలం మాత్రం కావాలి. తేదీలన్నీ కొట్టేస్తే పాఠమే పోతుంది. మరి ఎలా? తేదీని వదిలి, వ్యవధిని పట్టుకోవాలి. తాగిన క్షణాన్ని సున్నా గంట అనుకుని మిగతావన్నీ దాన్నుంచి లెక్కపెట్టాలి. రాత్రి 9కి తాగితే 11కి ఆస్పత్రికి రావడమంటే రెండో గంట. 18 ఉదయం 7 అంటే 34వ గంట. వెంటిలేటర్ పెట్టింది 40వ గంట. తాగిన రోజును సున్నా రోజు అనుకుంటే వెంటిలేటర్ తీసింది 11వ రోజు, ఇంటికి పంపింది 15వ రోజు. స్లైడ్ మీద నోట్ ఇలా మారుతుంది:

"ముప్ఫైలలో ఉన్న స్త్రీ. పురుగుమందు విషం. తాగిన 2 గంటలకు ఆస్పత్రికి వచ్చింది. చికిత్సకు స్పందించింది. 34వ గంటలో తల ఎత్తలేకపోయింది. 40వ గంటలో వెంటిలేటర్. 11వ రోజు వెంటిలేటర్ తీశారు. 15వ రోజు డిశ్చార్జి."

పాఠం మొత్తం ఉంది, మనిషి ఆనవాలు పోయింది. పండుగ పేరు కూడా తేదీ కిందికే వస్తుందన్నది చాలామందికి తట్టదు. 'కనుమ రోజు', 'జాతర మర్నాడు', 'పోలింగ్ నాడు' అంటే తేదీ వేసినట్టే. గొడవ సంగతి ఎందుకు తీసేశామంటే, ఊపిరి కండరాల పాఠంలో దానికి చోటు లేదు. అదే కేసును మానసిక వైద్య విభాగంలో చెబితే ఆ గొడవే ముఖ్యమవుతుంది. అప్పుడు గంటల లెక్కలు పోయి 'కుటుంబంలో తగాదా' అన్న మాట ఉంటుంది, అంతకుమించి వివరం ఉండదు.

కొందరు ఆనవాలు దొరకకుండా వివరాలు మార్చేస్తుంటారు. స్త్రీని పురుషుడంటారు, టీచరును రైతంటారు. ఇది మంచిది కాదు. ఎవరో ఆ స్లైడ్లను నిజమని నమ్మి మరో చోట వాడితే అబద్ధం వైద్యశాస్త్రంలోకి చేరుతుంది. తీసేయడమో, 'ముప్ఫైలలో' అన్నట్టు వెడల్పు చేయడమో మేలు. వయసు కూడా అన్నిచోట్లా వెడల్పు చేయలేం. నెలల పసికందు కేసులో వారాలే ముఖ్యం. అక్కడ వయసు ఉంచి, మిగతావి ఇంకా గట్టిగా తగ్గించుకోవాలి.

ఇక నోట్లో కనిపించకుండా దాక్కునే పేర్లున్నాయి. కంప్యూటర్లో పేరు వెతికి తీసేస్తే సరిపోదు. అదే పేరును డ్యూటీ డాక్టరు ఒక స్పెల్లింగుతో, నర్సు ఇంకో స్పెల్లింగుతో రాసి ఉంటారు. ఇంటిపేరు ఒక్కటే ఒకచోట, 'భర్త ఫలానా' అని మరోచోట ఉంటుంది. ఎంఎల్‌సీ నంబరు పక్కనే పోలీస్ స్టేషన్ పేరుంటుంది. వెతకడం కాదు, మొదటి నుంచి చివరి దాకా కళ్లతో చదవాల్సిందే. పాత నోట్‌లో గీతలు కొట్టడం కంటే, పాఠానికి కావాల్సింది ఖాళీ పేజీలో కొత్తగా రాసుకోవడం నయం.

ఎక్కువ ప్రమాదం మాత్రం బొమ్మల దగ్గరే. ఎక్స్‌రే మూలన పేరు, నంబరు, తేదీ ఉంటాయి. అల్ట్రాసౌండ్ తెర పైభాగంలో పేరు బొమ్మలోనే కలిసిపోయి ఉంటుంది. వాటి మీద పవర్‌పాయింట్‌లో నల్ల డబ్బా పెట్టేసి ఊరుకుంటారు. ఆ ఫైలు ఎవరికైనా పంపితే వాళ్లు ఆ డబ్బా మీద క్లిక్ చేసి Delete కొడితే చాలు, కింద పేరు బయటపడుతుంది. క్రాప్ చేసినా అంతే. కత్తిరించిన ముక్క కనపడదు గానీ ఫైల్లోనే ఉంటుంది. Compress Pictures లోకి వెళ్లి Delete cropped areas of pictures ఎంచుకుంటేనే అది పోతుంది. అంతకంటే తేలిక ఏమిటంటే, బొమ్మను స్లైడ్లోకి తేకముందే పెయింట్ లాంటి ప్రోగ్రాంలో ఆ భాగం కత్తిరించి, కొత్త ఫైలుగా సేవ్ చేసి, దాన్నే వాడడం.

స్లైడ్ కింద మాట్లాడడానికి రాసుకునే నోట్స్‌లో, ఫైలు పేరులో కూడా రోగి పేరు ఉండిపోతుంది. ల్యాబ్ ఫలితాల గ్రాఫును ఎక్సెల్ నుంచి తెచ్చి అతికిస్తే, దాని వెనక మొత్తం పట్టిక, అందులోని మిగతా రోగుల పేర్లతో సహా, ఫైల్లోకి వచ్చి కూర్చోవచ్చు. గ్రాఫును బొమ్మగా అతికించడమే మంచిది. చివర్లో File, Info లోకి వెళ్లి Inspect Document నొక్కితే దాగిన వాటిలో కొన్నిటిని చూపిస్తుంది. బొమ్మలో కలిసిపోయిన అక్షరాలను మాత్రం అది చదవలేదు.

ముఖం ఫొటో తీస్తే కళ్ల మీద నల్లగీత పెట్టడం పాత అలవాటు. అది చాలదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ఎప్పుడో చెప్పింది. నోరు, గడ్డం, చెవిపోగులు చూసి తెలిసినవాళ్లు గుర్తుపడతారు. పచ్చబొట్టు పేరు చెప్పినంత పని చేస్తుంది. పాఠం పెదవి మీది పుండు గురించైతే పెదవి ఒక్కటే చూపించాలి.

ఇంత చేసినా ఆనవాలు పోని కేసులుంటాయి. రాష్ట్రం మొత్తంలో నలుగురికే ఉన్న జబ్బు, పేపర్లలో వచ్చిన ప్రమాదం, అందరికీ తెలిసిన పదవిలో ఉన్న మనిషి. అక్కడ ఏం తీసేసినా జబ్బు పేరే మనిషిని పట్టిస్తుంది. అలాంటప్పుడు దారి ఒక్కటే, రోగిని అడగడం. గుర్తుపట్టే వీలున్న ఫొటోను గానీ కేసు వివరాలను గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదని మన దేశంలో 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. అది పత్రికల గురించి చెప్పిన మాటే. కానీ తెర మీద వేసిన స్లైడ్ ఫోన్లో ఫొటోగా మారి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లే ఈ రోజుల్లో, హాలుకూ పత్రికకూ పెద్ద తేడా మిగల్లేదు.

అడగడమంటే అడ్మిషన్ నాడు హడావుడిగా పెట్టించుకున్న సంతకం కాదు. కోలుకుని కూర్చున్నాక, పక్కన బంధువులు లేనప్పుడు, "అమ్మా, మీకు వచ్చిన ఇబ్బందిని మా పిల్లలకు పాఠంగా చెబుదామనుకుంటున్నాం. మీ పేరూ ఊరూ చెప్పం. అయినా తెలిసినవాళ్లు గుర్తుపట్టే అవకాశం ఉంది. వద్దంటే చెప్పం, మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అనాలి. స్లైడ్లే తెచ్చి చూపిస్తే ఇంకా మంచిది. ఏది తనను పట్టిస్తుందో ఆమెకే బాగా తెలుసు. వీలుకాకపోతే, ఆ వార్డులో ఆమెను చూసుకున్న సిస్టర్‌కు స్లైడ్లిచ్చి "ఎవరి కేసో చెప్పండి" అని అడగాలి. ఆమె ఏ మాట దగ్గర పోల్చుకుందో కనుక్కోవాలి. మెడ ఎత్తలేకపోవడం చూసి చెబితే తను వైద్యం చేసింది కాబట్టి గుర్తుపట్టిందని వదిలేయొచ్చు. ఊరి వాళ్లకూ తెలిసిన సంగతి చూసి చెబితే దాన్ని తీసేసి మళ్లీ రాయాలి.